పురస్కారం అందుకున్న మేనేజర్ గారికి ఏమని రాయాలి?

ప్రశ్న: అయ్యా, నేను పైడిభీమవరంలోని ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో నాలుగేళ్లుగా ఎనలిస్టుగా పనిచేస్తున్నాను. పోయిన శనివారం హైదరాబాదులో జరిగిన కంపెనీ వార్షిక పురస్కారాల సభలో మా మేనేజర్ గారిని ‘ఉత్తమ మేనేజర్’గా సన్మానించారు. ఆయనకు పంపాలని ఇలా రాసుకున్నాను: “గౌరవనీయులైన మేనేజర్ గారికి హృదయపూర్వక శుభాకాంక్షలు. ఈ అవార్డుకు మీరు అన్ని విధాలా అర్హులు. మీ అసమాన నాయకత్వ పటిమ, అకుంఠిత దీక్ష మా అందరికీ ఆదర్శం. మీవంటి మేనేజర్ దొరకడం మా పూర్వజన్మ సుకృతం. మీరిలాంటి అవార్డులు మరెన్నో అందుకోవాలని, మీ ఆదరణ నాపై ఎప్పుడూ ఇలాగే ఉండాలని కోరుకుంటూ, మీ విధేయుడు.” తీరా పంపబోతే చెయ్యి ఆడలేదు. వచ్చే నెలలో అప్రైజల్స్ ఉన్నాయి; నన్ను జనరల్ షిఫ్టుకు మార్చమని ఆయన్ని అడగాల్సిందీ ఉంది. కాకా పడుతున్నానని తోటివాళ్లు అనుకుంటారేమో. పంపకపోతే ఆయన ఏమనుకుంటారో. గ్రూపులో పెట్టాలా, విడిగా పంపాలా? ఇంగ్లీషులో రాయాలా, తెలుగులోనా? నిజానికి ఆయనంటే నాకు గౌరవమే. పోయిన జూలైలో నా రాత్రి డ్యూటీలో ఒక శాంపిల్ ఫలితం పరిమితి కంటే తక్కువ వచ్చింది. మళ్లీ టెస్ట్ చేసి తొందరగా పంపెయ్యమని ప్రొడక్షన్ వాళ్లు పట్టుబట్టారు. సార్‌కు ఫోన్ చేస్తే “సొల్యూషన్లు ఏవీ పారబోయకు, నేను వస్తున్నాను” అని ఆ రాత్రే శ్రీకాకుళం నుంచి వచ్చారు. శాంపిల్‌ను నేను సోనికేటర్‌లో పూర్తి సమయం ఉంచలేదని, పొడి సరిగా కరగలేదని చివరకు తేలింది. ఆయన ఒక్క మాట అనలేదు. అది మాత్రం నేను మరచిపోలేను. — ఒక పాఠకుడు, రణస్థలం

సమాధానం: మీ ఉత్తరంలో రెండు అభినందనలున్నాయి. మీరు కొటేషన్లలో పెట్టి పంపినది ఒకటి, ఉత్తరం ముగించే తొందరలో మీకు తెలియకుండానే రాసేసినది రెండవది. మొదటిదాన్ని పంపడానికి మీ చెయ్యి ఆడకపోవడం మంచిదే అయింది. రెండవదాన్ని కొంచెం చక్కదిద్ది పంపితే చాలు. ఎందుకో, ఎలాగో కాస్త వివరంగా చెబుతాను.

మీరు రాసుకున్న వాక్యాలలో తెలుగు తప్పులేమీ లేవు. ఉన్న చిక్కల్లా, అందులోంచి మీ మేనేజర్ గారిని తీసేసి పక్క డిపార్టుమెంటు మేనేజర్‌ను పెట్టినా, ఒక బ్యాంకు మేనేజర్‌ను పెట్టినా, ఒక ప్రధానోపాధ్యాయుణ్ని పెట్టినా ఒక్క అక్షరం మార్చవలసిన అవసరం రాకపోవడమే. కాకా పట్టడానికీ అభినందించడానికీ తేడా ఎక్కడుందని మీరు మథనపడుతున్నారు కదా, ఆ తేడాను పట్టుకోవడానికి నేను వాడే పరీక్ష ఇదే. పేరు మార్చి చదివినప్పుడు కూడా అతుక్కునే పొగడ్త ఎవరికైనా చెల్లుతుంది. అది చదివే మనిషి కూడా, తన పని గురించి కాక తన కుర్చీ గురించి రాశారని లోలోపల గ్రహిస్తాడు. జూలై నాటి ఆ రాత్రి సంగతి వేరు. దానిని ఆయనకు తప్ప మరొకరికి పంపలేరు, మీరు తప్ప మరొకరు రాయలేరు.

ఇక మీ వాక్యాల్లో నన్ను ఎక్కువగా ఆపినది ‘ఈ అవార్డుకు మీరు అన్ని విధాలా అర్హులు’ అన్నది. దాదాపు ప్రతి అభినందన సందేశంలోనూ ఈ మాట కనిపిస్తుంది కాబట్టి ఇందులో తప్పేముందని మీకు అనిపించవచ్చు. అర్హత ఉందో లేదో తేల్చేది పై స్థానంలో ఉన్నవాడు. పై అధికారి కింది ఉద్యోగిని ‘నువ్వు దీనికి అర్హుడివి’ అంటే అది ఆశీర్వాదం. అదే మాటను కింది ఉద్యోగి పై అధికారితో అంటే ఆయనకు యోగ్యతాపత్రం రాసి ఇచ్చినట్టుంటుంది. మీ ఉద్దేశం అది కాదని ఆయనకూ తెలుసు గనుక తప్పు పట్టరు, కాని ఆ వాక్యం ఆయన మనసుకు ఎక్కదు. ‘అసమాన నాయకత్వ పటిమ’ కూడా అదే కోవలోనిది. నాలుగేళ్లలో మీరు ఎంతమంది మేనేజర్లతో పోల్చి చూసి అసమానమని తేల్చారన్న ప్రశ్న, నవ్వుతూనే అయినా, ఎవరికైనా వస్తుంది. ఒక ఉద్యోగి తన మేనేజర్ పనికి తీర్పరి కాలేడు గాని సాక్షి కాగలడు. ఏం చూశారో, దానివల్ల మీ పనిలో ఏం మారిందో చెప్పడం మీకు పూర్తిగా చెల్లుతుంది. పురస్కారాల కమిటీకి వెళ్లే కాగితాల్లో ఆ సంవత్సరపు లెక్కలు ఉండి ఉండవచ్చు గాని, రాత్రి డ్యూటీలో భయపడిపోయిన ఒక ఎనలిస్టుతో ఆయన ఎలా మాట్లాడారన్నది అక్కడికి చేరదు. దాన్ని ఆయనకు గుర్తుచేయగలిగేది మీరొక్కరే.

‘మా అందరికీ ఆదర్శం’, ‘మా పూర్వజన్మ సుకృతం’ అని రాసిన చోట ఆ ‘మా’ ఎవరో నాకు అర్థం కాలేదు. మీ తోటివాళ్లు మిమ్మల్ని తమ తరఫున రాయమనలేదు. పైగా కాకా అంటారేమోనని మీరు భయపడుతున్నదీ వాళ్లనే. కనుక అందరి పేరా మాట్లాడకండి. ‘నేను’ అని రాస్తే వాక్యం చిన్నదవుతుంది, కాని దానికి బాధ్యత వహించే మనిషి ఒకడు కనిపిస్తాడు. పూర్వజన్మ సుకృతాన్ని మాత్రం ఎంత ఇష్టమైనా వదిలేయండి. మన వైపు ఆ మాటను పెళ్లి సంబంధం కుదిరినప్పుడో, కష్టకాలంలో ఆదుకున్న మనిషి గురించో వాడతారు. రేపు ఉదయం షిఫ్టు రోస్టరు దగ్గర ఎదురుపడే మనిషికి దానిని రాస్తే, ఆ తరువాత ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

మాటల విషయం ఎలాగూ వచ్చింది కనుక, మొదటి వాక్యంలోని ‘శుభాకాంక్షలు’ గురించి కూడా చెప్పాలి. జరగబోయే దానికి మంచి కోరుతూ చెప్పేవి శుభాకాంక్షలు, జరిగిన మంచిని మెచ్చుకుంటూ చెప్పేవి అభినందనలు. పండుగకు, ప్రయాణానికి, కొత్త ఉద్యోగంలో చేరబోయే వారికి శుభాకాంక్షలు సరిపోతాయి. పురస్కారం అందుకోవడం అయిపోయిన పని గనుక ‘అభినందనలు’ అన్నదే సరైన మాట. ఈ మధ్య పత్రికల్లో, ఫ్లెక్సీల మీద ఈ రెండూ కలగాపులగమైపోయాయి కాబట్టి మీ మీద నెపం పెట్టడం లేదు. అలాగే ‘గౌరవనీయులైన మేనేజర్ గారికి’ అని మొదలుపెట్టి ‘మీ విధేయుడు’ అని ముగిస్తే అది దరఖాస్తు వాలకంలో ఉంటుంది. రోజూ ఆయన్ని ‘సార్’ అని పిలుస్తున్నారు, ఉత్తరంలో కూడా అలాగే ప్రస్తావించారు. సందేశంలోనూ ‘సార్, నమస్కారం’ అంటే చాలు. అకస్మాత్తుగా పిలుపు మారితే, వీడికి ఏదో పని పడిందని అనుకోవడం మనుష్యుల సహజ లక్షణం.

నిజంగానే పని ఉంది కదా, అదీ అసలు చిక్కు. ‘మీ ఆదరణ నాపై ఎప్పుడూ ఇలాగే ఉండాలి’ అన్న వాక్యాన్ని మీరు మర్యాద కోసం రాసి ఉంటారు. కాని వచ్చే నెలలో అప్రైజల్ ఫారాలు నింపబోయే మనిషి దానిని మర్యాదగా చదవరు. నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. విజయనగరం జిల్లాలోని ఒక జూట్ మిల్లులో నేను టైమ్ ఆఫీసు గుమాస్తాగా చేరిన కొత్తలో, మా అధికారికి మిల్లు వార్షికోత్సవంలో శాలువా కప్పారు. నేను ఇంటికి వెళ్లి తెల్ల కాగితం మీద ఒక పేజీన్నర అభినందన రాశాను; అందులో నిజమే ఎక్కువ ఉంది. చివరి రెండు వాక్యాల్లో మాత్రం, మా నాన్నగారికి ఒంట్లో బాగుండడం లేదనీ, వీలైతే నన్ను పగటి సెక్షనుకు మార్చమనీ కలిపాను. మూడు రోజుల తరువాత ఆ కాగితం నా టేబుల్ మీదికి తిరిగి వచ్చింది. దాని మూలన ఎర్ర సిరాతో ‘విడిగా దరఖాస్తు ఇవ్వండి’ అని ఉంది. ఆయన నాకు చెడు చేయలేదు, తరువాత నెలలో సెక్షను కూడా మార్చారు. అయితే ఆ పేజీన్నరలో నేను నిజాయితీగా రాసినదంతా ఆ రెండు వాక్యాలకు ముందుమాటగా మారిపోయిందని ఆ ఎర్ర సిరా చూశాకనే నాకు తెలిసింది. తరువాతి కాలంలో నేనే పర్సనల్ ఆఫీసరునై అలాంటి ఉత్తరాలు అందుకున్నప్పుడు, నా కళ్లు కూడా ముందు చివరి వాక్యానికే వెళ్లేవి.

అందుచేత జనరల్ షిఫ్టు సంగతిని ఈ సందేశంలోనే కాదు, ఈ సందేశం పంపిన వారంలో కూడా ఎత్తకండి. కనీసం రెండు వారాలు ఆగి, మీ కంపెనీలో షిఫ్టు మార్పును మామూలుగా ఎలా అడుగుతారో అలాగే, కారణం చెప్పి అడగండి. అప్పుడు అభినందనను గుర్తుచేయవద్దు. మీ ఏడాది పనిలో చెప్పుకోదగినవేవైనా ఉంటే వాటికి అప్రైజల్ ఫారంలో మీరు నింపే భాగం ఉంది; అక్కడ ధైర్యంగా, లెక్కలతో రాయండి. ‘ఇది మనందరి కృషికి ఫలితం’ అనే వాక్యాన్ని అభినందనలో ఇరికించి పరోక్షంగా మీ వంతు గుర్తుచేయడం కొందరికి అలవాటు. ఆ మాట పురస్కారం అందుకున్న ఆయన నోటి నుంచి వస్తే పెద్దరికం, మన చేతి నుంచి వెళితే వాటా అడిగినట్టు.

ఇప్పుడు జూలై రాత్రికి వద్దాం. మందుల పరిశ్రమ నాకు కొత్త. మా మేనల్లుడు మీ వంటి ల్యాబ్‌లోనే పనిచేస్తాడు గనుక మీ ఉత్తరంలోని ఆ భాగాన్ని అతనికి చదివి వినిపించాను. ఫలితం పరిమితికి బయట పడినప్పుడు ముందు సొల్యూషన్లను అలాగే దాచి ఉంచి, ల్యాబ్‌లో ఏదైనా పొరపాటు జరిగిందేమో వరుసగా పరిశీలించాలనీ, కారణం తేలకుండా పాస్ అయ్యేదాకా మళ్లీ మళ్లీ టెస్ట్ చేయడం మీ రంగంలో చాలా పెద్ద తప్పనీ, తనిఖీకి వచ్చేవాళ్లు ముందుగా వెతికేది దాన్నేననీ అతను చెప్పాడు. అది విన్న తరువాత మీ మేనేజర్ గారు ఆ రాత్రి చేసిన పని విలువ నాకు ఇంకా బాగా అర్థమైంది. ఆయన మిమ్మల్ని తిట్టకుండా వదిలేయడం వట్టి దయ కాదు. సొల్యూషన్లు పారబోయవద్దనడం, ప్రొడక్షన్ వాళ్ల తొందరకు లొంగకపోవడం, అంత రాత్రి స్వయంగా రావడం ఆయన పని తెలిసిన మనిషని చెబుతాయి; తప్పు బయటపడినా మాట తూలకపోవడం ఆయన స్వభావాన్ని చెబుతుంది. మీ సందేశంలో ఈ రెండూ కనిపించాలి. ‘మీరు చాలా దయగలవారు’ అని మాత్రమే రాస్తే సగం పోతుంది.

అయితే దీన్ని రాయడంలో ఒక జాగ్రత్త ఉంది. మీ పరిశ్రమలో ప్రతి శాంపిల్‌కూ రికార్డు ఉంటుంది, ఆ రాత్రి సంగతంతా విచారణ కాగితాల్లో ఉండే ఉంటుంది. దానికి మీ ఫోనులో మరొక రికార్డు తయారు కాకూడదు. మందు పేరు, బ్యాచ్ నంబరు, వచ్చిన అంకె, ప్రొడక్షన్‌లో ఎవరు తొందరపెట్టారన్నది, వీటిలో ఏదీ రాయకండి. ‘జూలైలో ఆ రాత్రి’ అంటే ఆయనకు వెంటనే గుర్తొస్తుంది, ఇతరులకు ఏమీ తెలియదు. సందేశంలో వివరం ఎంత ఉండాలన్నదానికి ఇంతకంటే మంచి కొలత నాకు తోచదు. ఇంకొకటి, ‘తప్పు ఎవరిదని మీరు అడగలేదు’ అని రాయాలని మీకు అనిపించవచ్చు. చదివేవారికి అది విచారణే జరగలేదన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. నిజంగా ఆయన ఆ రాత్రి మిమ్మల్ని ఏమని అడిగారో జ్ఞాపకం చేసుకోండి. మా మేనల్లుడు చెప్పిన పద్ధతిని బట్టి చూస్తే, ఏమేం చేశావో మొదటి నుంచి వరుసగా చెప్పమని అడిగి ఉంటారు. ఆయన మాట మీకు ఎలా గుర్తుంటే అలాగే రాయండి, నా ఊహను అరువు తీసుకోకండి.

ఇవన్నీ చూసుకుంటే మీ సందేశం దాదాపు ఇలా తయారవుతుంది:

“సార్, నమస్కారం. ఉత్తమ మేనేజర్ పురస్కారం అందుకున్నందుకు అభినందనలు. సభ ఫొటో చూడగానే నాకు జూలైలో ఆ రాత్రి డ్యూటీ గుర్తొచ్చింది. నేను కంగారుగా ఫోన్ చేస్తే, సొల్యూషన్లు పారబోయవద్దని చెప్పి ఆ రాత్రే మీరు బయలుదేరి వచ్చారు. జరిగినదంతా నాతో వరుసగా చెప్పించుకున్నారే గాని ఒక్క కటువైన మాట అనలేదు. ఆనాటి నుంచి పనిలో ఏ తేడా కనిపించినా వెంటనే మీకు చెప్పడానికి నేను వెనుకాడడం లేదు. ఈ మాట ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్నాను. ఇంట్లో మేడమ్ గారికి కూడా నా అభినందనలు తెలియజేయండి.”

చూడండి, ఇందులో ఒక్క పొగడ్త విశేషణం కూడా లేదు. ‘కటువైన’ అన్నది ఒకటుంది గాని అది ఆయన అనని మాటకు చెందింది. ‘వెంటనే మీకు చెప్పడానికి నేను వెనుకాడడం లేదు’ అన్న వాక్యాన్ని మాత్రం తీసేయకండి. ఆయన చేసిన పని ఆ ఒక్క రాత్రితో ముగియలేదని ఆయనకు తెలిసేది దానివల్లనే. ల్యాబ్ నడిపే మనిషికి, తన కింద పనిచేసేవాళ్లు తప్పును దాచకుండా చెబుతారన్న భరోసా కంటే కావలసింది ఏముంటుంది? అది నిజం కాకపోతే మాత్రం రాయవద్దు. రేపు మీరు ఏదైనా ఆలస్యంగా చెప్పిన రోజున ఆయనకు మొదట గుర్తొచ్చేది ఈ వాక్యమే అవుతుంది. మేడమ్ గారి ప్రస్తావన కూడా, ఆమెను మీరు ఎప్పుడైనా కలిసి ఉంటేనే ఉంచండి.

గ్రూపా, విడిగానా అన్నదానికి రెండూ అని నా జవాబు. గ్రూపులో అందరూ ‘అభినందనలు సార్’ అని పెట్టే చోట మీరూ ఆ రెండు మాటలు పెట్టండి, అంతకు మించవద్దు. అక్కడ నలుగురి కంటే పొడుగ్గా రాసినవాడు కనబడతాడు, ఏమీ రాయనివాడూ కనబడతాడు. పైన ఇచ్చిన సందేశాన్ని ఆయన సొంత నంబరుకు పంపండి. కంపెనీ మెయిల్‌లో వద్దు. అది కంపెనీ ఆస్తి, అక్కడ ఎవరి కాపీ ఎవరికి వెళుతుందో మన చేతిలో ఉండదు. హెచ్ఆర్ వాళ్లను కాపీలో పెట్టడం గురించి మీరు అడగలేదు గాని, ఆ ఆలోచన వచ్చినా మానుకోండి. విడిగా పంపినదాన్ని సంతోషం కొద్దీ ఆయనే ఎవరికైనా చూపించవచ్చు. పేర్లు, అంకెలు వద్దన్నది అందుకు కూడా.

భాష విషయంలో నాకు సందేహం లేదు. ఆయన ఆ రాత్రి ఫోనులో మీతో తెలుగులో మాట్లాడారు, ఆ మాటను మీరు తెలుగులోనే గుర్తుపెట్టుకున్నారు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చితే ఆయన గొంతు పోయి కంపెనీ ప్రకటన గొంతు వస్తుంది. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కాకుండా తెలుగు అక్షరాలతోనే టైపు చేయండి. కొంచెం ఆలస్యమైనా, కూర్చుని రాశారన్న సంగతి చూడగానే తెలుస్తుంది. మీ మేనేజర్ గారికి తెలుగు చదవడం రాని పక్షంలో మాత్రం ఈ సలహా వర్తించదు.

ఈ జవాబు మీకు అందేసరికి సభ జరిగి పది రోజులు దాటి ఉంటుంది, ఆలస్యమైపోయిందని బెంగపడకండి. మొదటి రెండు రోజుల్లో ఆయన ఫోనుకు వచ్చిన సందేశాలన్నిటికీ ఒకే నమస్కారం బొమ్మ పెట్టి ఉంటారు, అందులో మీదీ ఒకటయ్యేది. హడావిడి తగ్గిన తరువాత వచ్చినదాన్ని తీరిగ్గా చదువుతారు. ఆలస్యానికి క్షమాపణ అంటూ ఒక పేరా రాయకండి, అసలు ఆ మాటే ఎత్తనక్కరలేదు. నెల దాటితే మాత్రం రాతకంటే, ఎదురుపడినప్పుడు నోటితో చెప్పడమే నయం. అప్పటికి అప్రైజల్స్ కూడా ముంచుకొస్తాయి గనుక, పంపదలచుకుంటే ఈ వారంలోనే, ఆయన డ్యూటీలో లేని సాయంత్రం వేళ పంపండి.

తోటివాళ్ల మాటకొస్తే, విడిగా పంపినదాన్ని మీరు వాళ్లకు చూపించనంతవరకు వాళ్లకు అనడానికి ఏమీ ఉండదు. పంపిన తరువాత బస్సులో ఎవరికీ చదివి వినిపించకండి. ఆయన నుంచి జవాబుగా ఒక నమస్కారం బొమ్మే రావచ్చు, ఏమీ రాకపోవచ్చు కూడా. చూశారో లేదో కనుక్కోవడానికి మరొక సందేశం పెట్టవద్దు. పంపే ముందు సభ ఫొటోలో ఆయన చేతిలోని జ్ఞాపిక మీద పురస్కారం పేరు ఏమని ఉందో ఒకసారి పెద్దది చేసి చూసుకోండి. ‘ఉత్తమ మేనేజర్’ అన్నది మీరు విన్న పేరో, దాని అసలు పేరో మీ ఉత్తరాన్ని బట్టి నాకు తెలియలేదు.